ఓడీ కోసం 40 వేలు పంపకండి, ముందు పీసీ అడగండి



మన వెల్ఫేర్ గ్రూపులో కాగితాల పని చూస్తున్న కాబట్టి ఎండకాలం పోంగనే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒక్క తీరుగనే ఉంటున్నయి. "అన్నా, పిల్లగాని బీటెక్ అయిపోయింది, హైదరాబాద్‌లో జాబు వచ్చింది, జాయిన్ అయ్యే రోజు సర్టిఫికెట్ తెమ్మన్నరట, ఒరిజినల్ డిగ్రీ ఇంక రాలే, ఎట్ల?" అని. దాని ఎనుకనే ఇంకో మాట వస్తది. "ఒకాయన ఉన్నడట, 40 వేలు ఇస్తే పది రోజులల్ల ఓడీ తెచ్చిస్తడట. పంపాల్నా?"

పంపొద్దు. నేను చెప్పాలనుకున్నది ముందు ఇదే. ఎందుకు పంపొద్దో, పంపకుండ పని ఎట్ల అయితదో కింద రాస్తున్న. నేను చదివింది పదో తరగతే. కానీ ఈ కాగితాల చుట్టు తిరిగిన తండ్రులతో కూసొని ఫోన్లు చేసి, మెయిళ్లు చదివించుకొని తెలుసుకున్న సంగతులు ఇవి. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీల సంగతే రాస్తున్న. ఎందుకంటే మన జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు పిల్లలు ఎక్కువ చదివేది అక్కడనే.

ముందు నాలుగు కాగితాల పేర్లు తెలవాలె. ఫోన్‌లో పిల్లలు గబగబ చెప్తరు, మనం అన్నీ ఒకటే అనుకుంటం. ఓడీ అంటే ఒరిజినల్ డిగ్రీ, యూనివర్సిటీ పట్టా. పీసీ అంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్. అది కూడ యూనివర్సిటీదే. ఈ పిల్లగాడు అన్ని సబ్జెక్టులు పాసయిండు, డిగ్రీకి అర్హుడు అని యూనివర్సిటీ సంతకంతో చెప్పే కాగితం. దానితోని కలిపి సీఎంఎం వస్తది, అంటే నాలుగేండ్ల మార్కులన్నీ ఒక్క దగ్గర ఉన్న మెమో. నాలుగోది బోనఫైడ్. ఇది యూనివర్సిటీది కాదు, కాలేజీది. ఈ పిల్లగాడు మా కాలేజీలో ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాక చదివిండు అని ప్రిన్సిపాల్ రాసిచ్చేది. చదివిండు అని చెప్తది, పాసయిండు అని దానంతట అది చెప్పదు. గొడవంత ఈ ఒక్క తేడా దగ్గరనే మొదలైతది.

ఓడీ ఎందుకు ఆలస్యమైతదంటే, అది మామూలుగ కాన్వొకేషన్‌తో ముడిపడి ఉంటది. పరీక్ష పాసై అర్హత వచ్చినంక 180 రోజుల లోపల డిగ్రీ ఇయ్యాలె అని యూజీసీ 2008 రూల్స్‌లోనే ఉన్నది. ఆ లెక్క ఖచ్చితంగ పాటించినా ఆర్నెల్లు. జాబులేమో రిజల్ట్ వచ్చిన రెండు మూడు వారాలకే జాయిన్ కమ్మంటయి. ఈ మధ్య ఖాళీని నింపడానికే పీసీ ఉన్నది. కాబట్టి మన దేశంలో మామూలు ప్రైవేటు కంపెనీకి కొత్తగ పాసైన పిల్లగాని దగ్గర ఓడీ లేకపోవుడు వింత కాదు. వాళ్లు అడిగేది పీసీ. మనోళ్లు "సర్టిఫికెట్" అనంగనే పట్టా అనుకొని భయపడుతున్నరు.

మా సైటులో షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉన్నడు, జగిత్యాల దిక్కు మనిషి, 14 ఏండ్ల సంది దుబాయిలనే. కొడుకు సివిల్ బీటెక్ చేసిండు. జూన్ నెలాఖరుకు ఆఖరి సెమిస్టర్ రిజల్ట్ వచ్చింది, బ్యాక్‌లాగ్‌లు ఏం లెవ్వు. హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ జులై 15 నాడు జాయిన్ కమ్మన్నది. పిల్లగాడు కాలేజీకి పోయి పీసీ అడిగితే, "యూనివర్సిటీ నుంచి ఇంక రాలే, అయినా నీకు బాకీ ఉన్నది, 70 వేలు కట్టినంకనే ఇస్తం" అన్నరు. వాడు భయపడి ఇంటికి వచ్చి తల్లికి చెప్పిండు. తల్లి ఏడ్చుకుంట ఇక్కడికి ఫోన్ చేసింది. అదే వారంలో 40 వేల బ్రోకర్ ఇంటికి వచ్చిండు. వీళ్లకు వాసన ఎట్ల తెలుస్తదో ఏమో.

కార్పెంటర్ నా దగ్గరికి వచ్చి, "అన్నా, 70 వేలు కన్నా 40 వేలు తక్కువే కద" అన్నడు. మనిషి లెక్క అట్లనే నడుస్తది. నేను, "ముందు కంపెనీ మెయిల్ తెప్పియ్యి, ఏం అడిగిండ్రో వాళ్ల మాటల్లోనే చూద్దాం" అన్న. మెయిల్ తెప్పించి చదివించినం. అందులో ఓడీ అన్న మాటనే లేదు. పీసీ, సీఎంఎం తెమ్మన్నరు. పీసీ రాకపోతే కాలేజీ లెటర్, రిజల్ట్ నెట్ కాపీ తెచ్చి, 90 రోజులల్ల పీసీ ఇస్తనని రాసియ్యాలె అని ఉన్నది. అంటే 40 వేలు పెట్టి కొనాలనుకున్న కాగితం వాళ్లు అడగనే లేదు.

ఇగ రెండు పనులు మిగిలినయి. ఒకటి, 15 తారీఖుకు కాలేజీ లెటర్. రెండు, 70 వేల పంచాయితీ తేల్చి పీసీ తెచ్చుకునుడు. రెండింటిని కలపొద్దు అని చెప్పిన. కలిపితే జాయినింగ్ తారీఖు పోతది.

కాలేజీ లెటర్ కోసం పోతే ఆఫీసులో ఒక అచ్చు ఫారం మీద బోనఫైడ్ ఇచ్చిండ్రు. దాంట్ల "ఈ విద్యార్థి మా కాలేజీలో చదువుచున్నాడు" అని ఉన్నది. అది బస్ పాస్ కోసం ఇచ్చే ఫారం! కంపెనీ హెచ్‌ఆర్ మేడం చూసి, "ఇంక చదువుతున్నట్టు ఉన్నది కద బాబూ, ఇది చెల్లదు" అన్నది. ఆమె తప్పు లేదు. పిల్లగాడు మల్ల ఏడుపు మొఖంతోని ఫోన్ చేసిండు.

అప్పుడు ఒక దరఖాస్తు రాయించినం, ఏం కావాల్నో దాంట్లనే పెట్టి. పదో తరగతి మెమోలో ఉన్నట్టు పూర్తి పేరు, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, కోర్సు, బ్రాంచి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాక చదివిండు. వీటి తర్వాత అసలు ముఖ్యమైన రెండు లైన్లు. ఫలానా తారీఖున వచ్చిన ఫలితాల్లో అన్ని సబ్జెక్టులు పాసయిండు, బ్యాక్‌లాగ్ ఏదీ లేదు అని ఒకటి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి రావాల్సి ఉన్నది అని రెండోది. చివరకు ఉద్యోగంలో చేరడానికి ఇస్తున్నం అని. లెటర్‌కు నంబరు, తారీఖు, ప్రిన్సిపాల్ సంతకం, గుండ్రం ముద్ర. దీన్ని కొందరు బోనఫైడ్ అంటరు, కొందరు కోర్సు కంప్లీషన్ అంటరు. పేరు ఏదైనా గాని, లోపల ఆ రెండు లైన్లు ఉండాలె. దానికి సెమిస్టర్ మెమోలు, రిజల్ట్ నెట్ కాపీ జతచేస్తే కంపెనీ ఒప్పుకుంటది. మా కార్పెంటర్ కొడుకు విషయంలో 12 తారీఖున లెటర్ వచ్చింది, 15న జాయిన్ అయిండు. ఖర్చు బస్ చార్జీలే.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. ఒక్క సబ్జెక్టు మిగిలి ఉన్నా సరే, "అన్ని పాసయిండు" అని రాయించుకోవద్దు. ప్రిన్సిపాల్ మొహమాటానికి రాసిచ్చినా తీసుకోవద్దు. బ్యాక్‌లాగ్ ఉంటే పీసీ రానే రాదు, 90 రోజులకు కంపెనీ అడిగినప్పుడు మొత్తం బయటపడతది. సప్లిమెంటరీ రాసినం, రిజల్ట్ రావాలె అని ఉన్నదున్నట్టు చెప్తే కొన్ని కంపెనీలు ఆగుతయి. అబద్ధం కాగితం ఇచ్చినోన్ని మాత్రం తీసేస్తయి.

ఇప్పుడు 70 వేల సంగతి. ఇది మన చానమంది ఇండ్లల్ల ఉన్న బాధ. పిల్లగానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. పది వేల పైన ర్యాంకు కాబట్టి సంవత్సరానికి 35 వేలు సర్కారు కాలేజీకి కట్టాలె. రెండేండ్లవి సర్కారు నుంచి రాలే. 35 రెండ్లు 70. ఆ 70 వేలు పిల్లగాని నుంచి వసూలు చేసి, "సర్కారు ఇచ్చినప్పుడు నీకు తిరిగి ఇస్తం" అంటున్నది కాలేజీ. కాలేజీలకు జీతాలు కట్టుడు కష్టమైతుందంటే నేను నమ్ముత, బకాయిలు నిజమే. కానీ ఆ బాకీ సర్కారుకు, కాలేజీకి మధ్య ఉన్నది. పిల్లగాని పీసీని దానికి తాకట్టు పెట్టుడు న్యాయం కాదు. వాడు జాబు చేస్తేనే కద ఇల్లు నిలబడేది. మన పాస్‌పోర్టు కంపెనోడు డ్రాయర్‌లో పెట్టుకుంటే తప్పు అని మనం ఇక్కడ మాట్లాడుకుంటం కద, ఇదీ అసొంటిదే.

న్యాయం కాదు అని ఊకె అంటే ఎవలు వినరు కాబట్టి, చేసిన పని చెప్తున్న. మొదలు బాకీని రెండుగ విడగొట్టినం. పిల్లగాడు నిజంగ కట్టాల్సినవి ఏంటివి అని అకౌంట్స్ సెక్షన్‌లో కాగితం మీద రాసియ్యమన్నం. స్పెషల్ ఫీజు 3 వేలు, లైబ్రరీ ఫైన్ 600 తేలినయి. అవి అదే రోజు కట్టి రసీదు తీసుకున్నరు. మన బాకీ మనం కట్టకుండ పంచాయితీ పెడితే మన మాటకు బలం ఉండదు. తర్వాత మీసేవలో ఈ-పాస్ స్టేటస్ ప్రింట్ తీసిండ్రు. ఈ-పాస్ అంటే స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్లికేషన్లు చేసే సర్కారు వెబ్‌సైట్. ఆ ప్రింట్‌లో పిల్లగాని అప్లికేషన్ మంజూరైంది, డబ్బు విడుదల కావాలె అని కనబడ్డది. అంటే ఆలస్యం పిల్లగానిది కాదు అని రుజువు.

ఆ ప్రింట్, రసీదు జతచేసి ప్రిన్సిపాల్ పేరు మీద దరఖాస్తు పెట్టి, రెండో కాపీ మీద కాలేజీ ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకున్నరు. ఇది చాన ముఖ్యం. మన సైటుకు కాంక్రీట్ బండి వస్తే డెలివరీ నోట్ మీద సంతకం లేకుంటే బండి వచ్చినట్టా రానట్టా? ఇదీ అంతే. నోటితో అడిగితే "రేపు రా" అంటరు, తల్లి ఒక్కతే పోతే ఇంక ఎక్కువ అంటరు. అందుకే ఎంబడి ఆమె తమ్ముని తోలినం.

వారం రోజులు చూసినా జవాబు రాలే. సోమవారం నాడు కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది. అక్కడ ఇదే దరఖాస్తు కాపీలు ఇచ్చిండ్రు. పిల్లగాడు బీసీ కాబట్టి జిల్లా బీసీ వెల్ఫేర్ ఆఫీసుకు రాసి పంపిండ్రు. ఆడికెళ్లి కాలేజీకి ఫోన్ పోయింది. చివరికి కాలేజీ, "సర్కారు డబ్బు విడుదలైతే కాలేజీకే చెందుతది, నాకు అభ్యంతరం లేదు" అని పిల్లగాని దగ్గర ఒక అండర్‌టేకింగ్ రాయించుకొని నో డ్యూస్ ఇచ్చింది. 70 వేలు కట్టలే. ఆగస్టు చివర్ల పీసీ, సీఎంఎం చేతికి వచ్చినయి. ప్రతి కాలేజీ ఇంత తొందరగ దిగివస్తదని నేను అనను. దిగిరాకుంటే ఇదే కాగితాల కట్ట యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌కు పోవాలె. గల్ఫ్ కుటుంబం అయితే హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడ ఉన్నది. ఎక్కడికి పోయినా అడిగేది ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న కాపీనే.

పీసీ చేతికి వచ్చిన రోజు సంబురంలో మడతపెట్టి బీరువాలో పెట్టకుండ, ముందు పేరు చదవాలె. పీసీ మీద పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టు వస్తది. ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే కాలేజీ ద్వారా సరిచేయించాలె, ఎందుకంటే అదే పేరు రేపు ఓడీ మీద అచ్చు అయితది. అచ్చు అయినంక సరిచేసుడు పెద్ద తలనొప్పి. మన పిల్లలకు ఇంటిపేరు మెమోలో ఒక్క అక్షరం ఉంటది, పాస్‌పోర్టులో పూర్తిగ ఉంటది. హైదరాబాద్ జాబుకు దానితోని పెద్దగ పట్టింపు ఉండదు, గల్ఫ్‌కు వచ్చేటప్పుడు మాత్రం అడుగుతరు.

ఇంకోటి, లామినేషన్ చేయించొద్దు. మనోళ్లు ప్రేమతోని ప్లాస్టిక్ వేయిస్తరు. రేపు అటెస్టేషన్ ముద్రలు ఆ కాగితం ఎనుక భాగం మీదనే పడాలె, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. కంపెనీకి ఒరిజినల్ చూపియ్యాలె, జిరాక్స్ ఇయ్యాలె, ఒరిజినల్ ఇంట్లనే ఉండాలె. ఒరిజినల్ పెట్టుకుంటం అన్న కంపెనీ దగ్గర కనీసం రసీదు అన్న తీసుకోవాలె. అసలైతే అసొంటి కంపెనీల జాయిన్ కాకుంటేనే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు మనోళ్లు ఎక్కువగ అడిగే రెండో ప్రశ్న. "పీసీ వచ్చింది కద, పిల్లగాన్ని ఇక్కడికే ఇంజనీర్‌గ తెచ్చుకుంట" అంటరు. మా కార్పెంటర్ కూడ అడిగిండు. హైదరాబాద్‌లో చెల్లిన పీసీ ఇక్కడ చెల్లదు. దుబాయిలో ఇంజనీర్ డిజిగ్నేషన్ మీద లేబర్ మినిస్ట్రీ అడిగేది అటెస్ట్ అయిన డిగ్రీ. ఆ ముద్రలు ఒకదాని ఎనుక ఒకటి పడాలె. ముందు మన రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత మన విదేశాంగ శాఖ, తర్వాత ఢిల్లీలో యూఏఈ ఎంబసీ, చివరకు ఇక్కడి విదేశాంగ మినిస్ట్రీ. ఖతర్, కువైట్‌లకు కూడ ఎంబసీ ముద్ర కావాలె. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పుకుంటున్నది, ఒమన్, బహ్రెయిన్ అంతకు ముందు నుంచే ఒప్పుకుంటున్నయి, అంటే వాటికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ స్టికర్ ఉంటే ఎంబసీ అవసరం ఉండదు. దానికి సర్కారు ఫీజు 50 రూపాయలే, కలెక్షన్ ఏజెన్సీ చార్జీ వేరే. ఈ లెక్క తెల్వకనే మనోళ్లు ఏజెంట్లకు వేలకు వేలు పోస్తున్నరు. ఏ దేశమైనా సరే ఈ ముద్రలన్నీ ఓడీ మీద వేయించుకునుడే దారి. పీసీ మీద వేయించినా ఇక్కడికి వచ్చినంక మల్ల డిగ్రీ ఎక్కడ అంటరు. అప్పుడు ఖర్చు రెండుసార్లు.

అందుకని కొందరు తొందరపడి పిల్లగాన్ని హెల్పర్ వీసా మీద తెస్తున్నరు, ఓడీ వచ్చినంక మార్చుకుందాం అని. మా సైటులోనే ఇద్దరు ఉన్నరు, బీటెక్ పాసై హెల్పర్ హెల్మెట్ పెట్టుకున్నోళ్లు. కాంట్రాక్టు హెల్పర్‌ది, జీతం హెల్పర్‌ది, ఇంజనీర్ పని మాత్రం చేయించుకుంటున్నరు. మార్చాలంటే కంపెనీ ఒప్పుకోవాలె, ఓడీ అటెస్ట్ కావాలె, మనిషేమో ఇక్కడ, కాగితమేమో అక్కడ. ఎవరో ఒకరు యూనివర్సిటీ చుట్టు తిరగాలె. నేనైతే కార్పెంటర్‌కు ఒక్కటే చెప్పిన. పిల్లగాడు అక్కడ పీసీ మీద జాబు చేసుకోనీ, ఏడాది అనుభవం వస్తది, ఈ లోపల ఓడీ వస్తది, అప్పుడు అటెస్ట్ చేయించి ఇంజనీర్ వీసా మీదనే తే అని.

ఆ 40 వేల బ్రోకర్ తెచ్చేది ఏందో కూడ చెప్పి ఆపుత. కాన్వొకేషన్ కంటె ముందు ఓడీ కావాలంటే కొన్ని యూనివర్సిటీలు ఎక్కువ ఫీజు తీసుకొని ఇస్తయి, కానీ దానికి దరఖాస్తు పిల్లగాడే పెట్టుకుంటడు, చలాన్ పిల్లగాని పేరు మీద ఉంటది. చలాన్ లేదు, దరఖాస్తు నంబరు లేదు, ఫోన్‌పేలో డబ్బు కొట్టు అంటే అది ప్రింటర్ నుంచి వచ్చిన కాగితమే. తెలంగాణ యూనివర్సిటీల సర్టిఫికెట్లు కంపెనీలు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవడానికి ఉన్నత విద్యా మండలి 2022లోనే వెబ్‌సైట్ పెట్టింది. హాల్ టికెట్ నంబరు కొడితే దొంగ కాగితం దొరికిపోతది. అట్ల దొరికితే అక్కడ జాబు పోయి పోలీసు కేసు అయితది, ఇక్కడ దొరికితే జైలు. నిజంగ పాసైన పిల్లగాడు కూడ దొంగ సర్టిఫికెట్ పెట్టినోడు అయితడు.

మీ పిల్లలది ఇసొంటి కేసు ఏదన్నా ఉంటే మూడు కాగితాల ఫోటోలు గ్రూపులో నాకు పెట్టండి: కంపెనీ పంపిన మెయిల్, ఆఖరి రిజల్ట్ నెట్ కాపీ, కాలేజీ ఇచ్చిన బాకీ కాగితం. మాటలతోని చెప్తే అర్థం కాదు. పగలు సైటులో ఫోన్ ఎత్తలేను, రాత్రి ఎనిమిది తర్వాత చూస్త.